తెర సాగింది, బటన్ జారింది

పాత ఫోనులో చక్కగా ఆడిన కార్ల ఆటను కొత్త ఫోనులో తెరిస్తే ఒక్కోసారి బ్రేకు బటన్ సగమే కనిపిస్తుంది. ఒక్కోసారి మూలన ఉండాల్సిన బటన్ లోపలికి జరిగిపోయి బొటనవేలికి అందదు. ఇంకోసారి అది ఉండాల్సిన చోటే ఉంటుంది గానీ, సరిగ్గా అక్కడే ముందు కెమెరా ఉండడంతో దాని కింద దాక్కుంటుంది. ఆడేవాళ్లకు ఈ మూడూ ఒకటే: ఆట ఈ ఫోనుకు సరిపడలేదు. ఆట తయారుచేసేవాళ్లు మాత్రం వీటిని మూడు వేర్వేరు లోపాలుగా చూడాలి. మొదటిది కొలత లోపం, రెండోది ఆధారం లోపం, మూడోది హద్దు లోపం. ఒకదానికి చేయాల్సిన వైద్యం ఇంకోదానికి చేస్తే ఒక ఫోనులో సర్దుకున్నది మరో ఫోనులో చెదురుతుంది. ఈ లోపాలు ఎలా పుడతాయో, ఎలా తీరతాయో ఒక బ్రేకు బటన్‌ను పట్టుకొని చివరిదాకా చూద్దాం.

తెరలు ఎప్పుడు మారాయి

చాలా ఏళ్లపాటు ఫోన్ల తెరలు ఎక్కువగా టీవీ కొలతలోనే ఉండేవి. పొడవు 16 పాళ్లయితే వెడల్పు 9 పాళ్లు. 1920 × 1080 పిక్సెళ్ల తెర ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. డిజైనర్లు ఆ కొలతలో ఒక బొమ్మ గీసుకునేవారు, ఆట దాదాపు అన్ని ఫోన్లలోనూ అలాగే కనిపించేది.

2017లో ఆ నిలకడ పోయింది. ఆ ఏడాది ఎల్‌జీ జీ6 తెర 18:9 పాళ్లతో వచ్చింది. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 దాన్ని 18.5:9కి సాగదీసింది. ఏడాది చివర్లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ తెర 2436 × 1125 పిక్సెళ్లు. దాని పైఅంచున కెమెరా కోసం ఒక గంటు కూడా ఉంది. ఆ గంటునే నాచ్ అంటున్నాం. 2019లో సోనీ ఎక్స్‌పీరియా 1 పాళ్లు 21:9 దాకా వెళ్లాయి. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లలో 2400 × 1080, అంటే 20:9, చాలా మామూలు కొలత. కంప్యూటర్ల వైపు చూస్తే 3440 × 1440 పిక్సెళ్ల అల్ట్రావైడ్ మానిటర్లు వచ్చాయి. 5120 × 1440 పిక్సెళ్ల 32:9 మానిటరైతే రెండు 16:9 తెరలను పక్కపక్కన అతికించినంత వెడల్పు ఉంటుంది.

కాబట్టి ఇప్పుడు ఆట చేసేవాళ్లకు ఒక బొమ్మ గీస్తే సరిపోదు. తెర సాగినప్పుడు ఏది దేన్ని అంటిపెట్టుకొని ఉండాలో కూడా వాళ్లే చెప్పాలి.

మొదటి లోపం: సగం తెగిన బటన్

ఫోను ఆటలు చేసేవాళ్లు ఎక్కువగా వాడే యూనిటీ అనే సాధనంలో ఈ కథ ఎలా నడుస్తుందో చూద్దాం. బటన్లు, స్కోర్లు, బొమ్మలు అన్నీ కాన్వాస్ అనే పలక మీద కూర్చుంటాయి. దాన్ని తెరకు తగ్గట్టు పెంచడం, తగ్గించడం `Canvas Scaler` పని. "నేను 1920 × 1080 కొలతలో గీశాను, తెరను బట్టి నువ్వే సర్దు" అని దానికి చెప్పవచ్చు. అందుకు `Scale With Screen Size` అనే పద్ధతి ఉంది.

మన బ్రేకు బటన్ 160 × 160 యూనిట్ల చదరం అనుకుందాం. ఫోను అడ్డంగా పట్టుకొని ఆడే ఆట ఇది. తెర ఎడమ అంచుకూ బటన్‌కూ మధ్య 100 యూనిట్లు, కింది అంచుకూ బటన్‌కూ మధ్య 40 యూనిట్లు ఖాళీ వదిలాం. డిజైనర్ బటన్‌ను లాక్కొచ్చి అక్కడ పెట్టాడు గానీ, దాని స్థానం దేన్నుంచి కొలవాలో మార్చలేదు. అలా వదిలేస్తే యూనిటీ కాన్వాస్ నడిబొడ్డు నుంచి కొలుస్తుంది. అంటే బటన్ కేంద్రం నడిమి నుంచి ఎడమకు 780 యూనిట్లు, కిందికి 420 యూనిట్లు. బటన్ అడుగు భాగం నడిమి నుంచి కిందికి 500 యూనిట్ల దగ్గర ఉంటుంది. 1080 యూనిట్ల ఎత్తున్న కాన్వాస్‌కు కింది అంచు 540 దగ్గర ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఇదే ఆటను 2400 × 1080 ఫోనులో తెరుద్దాం. `Scale With Screen Size` ఎంచుకొని మిగతా వాటిని ముట్టకపోతే స్కేలర్ వెడల్పును మాత్రమే చూస్తుంది. 2400ను 1920తో భాగిస్తే 1.25 వస్తుంది. కాబట్టి ప్రతిదాన్నీ 1.25 రెట్లు పెంచుతుంది. అలా పెంచాక తెర ఎత్తు 1080 పిక్సెళ్లలో 864 యూనిట్లే పడతాయి. నడిమి నుంచి కింది అంచు ఇప్పుడు 432 యూనిట్ల దూరంలోనే ఉంది. బటన్ అడుగు మాత్రం ఇంకా 500 దగ్గరే ఉంది. 160 యూనిట్ల బటన్‌లో 68 యూనిట్లు తెర బయట పడిపోయాయి.

సగం తెగిన బ్రేకు వెనుక జరిగింది ఇదే. తెర వెడల్పు పెరిగింది, ఆ పెరుగుదలను చూసి స్కేలర్ అన్నిటినీ పెద్దవి చేసింది, ఎత్తులో చోటు చాలలేదు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. పొడవాటి ఫోనులో అక్షరాలు, బటన్లు అన్నీ ఉండాల్సినదానికంటే లావుగా కనిపించి, పైనా కిందా తెగితే అది స్కేలర్ తప్పు.

దీనికి మందు ఒక్క ఎంపికలో ఉంది. `UI Scale Mode` దగ్గర కాదు, `Screen Match Mode` దగ్గర `Expand` అని పెట్టాలి. అప్పుడు స్కేలర్ వెడల్పు నిష్పత్తినీ ఎత్తు నిష్పత్తినీ రెంటినీ లెక్కగట్టి చిన్నదాన్ని తీసుకుంటుంది. మన ఫోనులో వెడల్పు 1.25, ఎత్తు 1. చిన్నది 1 కాబట్టి కాన్వాస్ 2400 × 1080 యూనిట్లు అవుతుంది. ఈ పద్ధతిలో కాన్వాస్ ఏ వైపూ మనం గీసిన కొలత కంటే తగ్గదు, పెరిగితే పెరుగుతుంది. 4:3 పాళ్ల టాబ్లెట్‌లో కూడా అంతే. 2048 × 1536 తెర మీద వెడల్పు 1920 యూనిట్లే ఉండి, ఎత్తు 1440కి పెరుగుతుంది. గీసినదేదీ తెర బయటకు పోదు.

రెండో లోపం: లోపలికి జరిగిన బటన్

తెగడం ఆగింది. కానీ బటన్ ఇప్పుడు మూలన లేదు. కాన్వాస్ వెడల్పు 2400 యూనిట్లు అయింది కాబట్టి నడిమి నుంచి ఎడమ అంచుకు 1200. బటన్ కేంద్రం మాత్రం నడిమి నుంచి 780 దగ్గరే నిలబడింది. అంచుకూ బటన్‌కూ మధ్య 100 యూనిట్లు ఉండాల్సింది 340 అయింది. బొటనవేలు చాచాలి. కుడివైపు యాక్సిలరేటర్‌కూ ఇదే గతి.

ఇక్కడ తప్పు కొలతది కాదు, కొలత మొదలుపెట్టిన చోటుది. ఇల్లు కట్టేటప్పుడు లైటు స్విచ్చిని తలుపు పక్కన పెట్టమంటాం, ఫ్యానును గది నడిమధ్య వేయమంటాం. గదిని రెండడుగులు పెంచినా స్విచ్చి తలుపు పక్కనే ఉంటుంది, ఫ్యాను నడుమే ఉంటుంది. బటన్‌కూ అలాంటి ఆధారం చెప్పాలి. ఆ ఆధారమే యాంకర్.

యూనిటీలో యాంకర్‌ను 0 నుంచి 1 దాకా అంకెలతో చెబుతారు. అడ్డంగా 0 అంటే ఎడమ అంచు, 1 అంటే కుడి అంచు. నిలువుగా 0 అంటే కింద, 1 అంటే పైన. నడిమధ్య (0.5, 0.5). మన బ్రేకు బటన్ యాంకర్‌ను (0, 0)కు, అంటే ఎడమ కింది మూలకు మార్చి, అక్కడి నుంచి కేంద్రం 180 యూనిట్లు కుడికి, 120 యూనిట్లు పైకి అని పెడితే చాలు. కాన్వాస్ 1920 ఉన్నా, 2400 ఉన్నా, 3840 ఉన్నా బటన్‌కూ అంచుకూ మధ్య 100 యూనిట్లే ఉంటాయి. యాక్సిలరేటర్ కుడి కింది మూలకు, ఆట ఆపే బటన్ కుడి పై మూలకు, ఎన్నో చుట్టు నడుస్తోందో చెప్పే అంకె పైఅంచు మధ్యకు కట్టుకోవాలి.

యాంకర్ ఒకే చుక్కగా ఉండాలని లేదు. కనిష్ఠ యాంకర్‌ను ఎడమ అంచుకు, గరిష్ఠ యాంకర్‌ను కుడి అంచుకు కడితే ఆ వస్తువు తెరతోపాటు సాగుతుంది. పైన అడ్డంగా పరిచే నల్లటి పట్టీకి ఇది సరైనది. గుండ్రటి స్పీడోమీటర్‌కు ఇదే చేస్తే అది కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. బొమ్మ వంకర పోయిందంటే ఎవరో సాగే యాంకర్‌ను సాగకూడని వస్తువుకు కట్టారని అర్థం.

పెద్ద తెరల్లో ఇంకో చిక్కు వస్తుంది. పది బటన్లున్న వరుసలో ఒక్కో బటన్‌కు ఒక్కో యాంకర్ పెడితే తెర మారినప్పుడు వాటి మధ్య ఎడం ఒక్కోచోట ఒక్కోలా అవుతుంది. అలాంటప్పుడు వరుస మొత్తాన్నీ ఒక ఖాళీ పెట్టెలో వేసి, ఆ పెట్టెకు మాత్రమే మూలను ఆధారం చేయాలి. లోపలి బటన్లు పెట్టెను చూసుకుంటాయి, పెట్టె తెరను చూసుకుంటుంది.

మూడో లోపం: కెమెరా కింద దాగిన బటన్

యాంకర్లన్నీ సరిగ్గా కట్టాక ఆటను ఐఫోన్ ఎక్స్‌లో చూద్దాం. స్కేలు 1.04 దాకా వస్తుంది. మన 100 యూనిట్ల ఖాళీ అక్కడ దాదాపు 104 పిక్సెళ్లు. కానీ ఫోనును అడ్డంగా పట్టుకున్నప్పుడు ఎడమ అంచు నుంచి 132 పిక్సెళ్ల దాకా ఏదీ పెట్టవద్దని ఫోనే చెబుతుంది. బటన్ ఆ హద్దులోకి 28 పిక్సెళ్లు చొరబడింది. కింద కూడా అంతే. హోం గీత కోసం 63 పిక్సెళ్లు వదలమంటే మన బటన్ 42 పిక్సెళ్ల ఎత్తులోనే మొదలవుతోంది. బ్రేకు నొక్కబోయి వేలు పైకి జారితే ఆట మూసుకుపోయే ప్రమాదం ఉంది.

మూలకు కట్టడమే ఈ లోపాన్ని బయటపెట్టింది. బటన్ లోపలికి జరిగి ఉన్నంతకాలం కెమెరా దానికి అడ్డం రాలేదు. అందుకే రెండో లోపం సరిచేసిన మర్నాడు మూడోదాని మీద ఫిర్యాదులు మొదలవడం మామూలే.

తెరలో ఏ అడ్డూ లేని దీర్ఘచతురస్రాన్ని సేఫ్ ఏరియా అంటారు. ఐఫోన్లు దాన్ని 2017 నుంచీ, ఆండ్రాయిడ్ కెమెరా గంట్ల వివరాన్ని 2018లో వచ్చిన తొమ్మిదో వెర్షన్ నుంచీ అప్లికేషన్లకు చెబుతున్నాయి. యూనిటీలో దాని పేరు `Screen.safeArea`. ఇది పిక్సెళ్లలో వస్తుంది. ఐఫోన్ ఎక్స్ అడ్డంగా ఉన్నప్పుడు ఆ దీర్ఘచతురస్రం ఎడమ నుంచి 132, కింది నుంచి 63 పిక్సెళ్ల దగ్గర మొదలై 2172 పిక్సెళ్ల వెడల్పు, 1062 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది.

దీన్ని వాడే పద్ధతి చాలా పొదుపైనది. ఒక్కో బటన్‌నూ జరపనక్కర్లేదు. కాన్వాస్ లోపల తెరంతా పరుచుకునే ఒక ఖాళీ పెట్టె పెట్టి, బటన్లన్నిటినీ అందులోకి మార్చాలి. ఆ పెట్టె యాంకర్లను సేఫ్ ఏరియా అంచులకు కట్టాలి. యాంకర్లు 0 నుంచి 1 దాకా పాళ్లలో ఉంటాయి కాబట్టి పిక్సెళ్లను తెర కొలతతో భాగిస్తే సరిపోతుంది.

```csharp
void Apply()
{
    Rect s = Screen.safeArea;
    var rt = (RectTransform)transform;
    rt.anchorMin = new Vector2(
        s.xMin / Screen.width, s.yMin / Screen.height);
    rt.anchorMax = new Vector2(
        s.xMax / Screen.width, s.yMax / Screen.height);
    rt.offsetMin = Vector2.zero;
    rt.offsetMax = Vector2.zero;
}
```

మన ఫోనులో 132ను 2436తో భాగిస్తే 0.054. పెట్టె ఎడమ అంచు అక్కడ నిలుస్తుంది. కుడి అంచు 0.946 దగ్గర, కింది అంచు 0.056 దగ్గర, పైఅంచు 1 దగ్గర నిలుస్తాయి. బ్రేకు బటన్ ఇప్పటికీ ఎడమ కింది మూలకే కట్టి ఉంది, కానీ ఆ మూల ఇప్పుడు తెరది కాదు, పెట్టెది. బటన్ తెర అంచు నుంచి 236 పిక్సెళ్ల దగ్గర మొదలవుతుంది. అది మరీ లోపలికి వచ్చినట్టు అనిపిస్తే మనం ముందు వదిలిన 100 యూనిట్ల ఖాళీని 40కి తగ్గించుకోవచ్చు. గంటు లేని పాత ఫోనులో సేఫ్ ఏరియా అంటే తెర మొత్తమే కాబట్టి అక్కడ ఆ 40 యూనిట్లే మిగులుతాయి, అవి చాలు.

ఈ మందు ఎక్కడ వికటిస్తుంది

తరచుగా జరిగే పొరపాటు నేపథ్య బొమ్మను కూడా ఆ పెట్టెలో పెట్టడం. అప్పుడు రోడ్డు, ఆకాశం కెమెరా దగ్గరే ఆగిపోయి పక్కన పట్టీ మిగులుతుంది. నేపథ్యం తెర చివరి దాకా పోవాలి. చదవాల్సినవి, నొక్కాల్సినవి మాత్రమే పెట్టెలో ఉండాలి. రెండో పొరపాటు, పెట్టెలో పెట్టెలా ఈ కోడును రెండుచోట్ల తగిలించడం. లోపలి పెట్టె తెర పాళ్లను బయటి పెట్టె మీద లెక్కగడుతుంది, ఖాళీ దాదాపు రెట్టింపవుతుంది. ఈ కోడున్న పెట్టెకు నేరుగా తెరంత కాన్వాసే పైన ఉండాలి.

మూడోది బాగా అనుభవమున్నవాళ్లను కూడా పట్టుకుంటుంది. అడ్డంగా ఉన్న ఫోనును ఆడుతూ ఆడుతూ తలకిందులుగా తిప్పితే ఎడమన ఉన్న కెమెరా కుడికి వస్తుంది. తెర వెడల్పు, ఎత్తు మాత్రం మారవు. తెర కొలత మారినప్పుడే సర్దమని కోడు రాస్తే, ఇక్కడ అది కదలదు. ఐఫోన్ ఎక్స్ రెండువైపులా ఒకే ఖాళీ అడుగుతుంది కాబట్టి దానిమీద పరీక్షిస్తే లోపం బయటపడదు. కెమెరా ఉన్న వైపే ఖాళీ అడిగే ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం తిప్పగానే యాక్సిలరేటర్ కెమెరా కిందికి పోతుంది. అందుకని పాత సేఫ్ ఏరియాను గుర్తుపెట్టుకొని, ప్రతి ఫ్రేములోనూ కొత్తదానితో పోల్చి, తేడా ఉంటేనే సర్దాలి. ఆ పోలికకు పట్టే సమయం లెక్కలోకి రాదు.

సేఫ్ ఏరియా అన్నీ చెప్పదని కూడా తెలిసి ఉండాలి. ఆండ్రాయిడ్‌లో అది కెమెరా గంటును చెబుతుంది గానీ తెర మూలల గుండ్రదనాన్ని కలుపుకోదు. అంచు నుంచి వేలు లాగితే వెనక్కి వెళ్లే సైగకు కావాల్సిన చోటు కూడా అందులో లేదు. కాబట్టి పెట్టె అంచుకు బటన్‌ను అంటించేయకుండా మన వంతు ఖాళీ ఎప్పుడూ ఉంచాలి.

అల్ట్రావైడ్ దగ్గర లెక్క తిరగబడుతుంది

ఇదే ఆటను కంప్యూటర్‌కు తెచ్చామనుకుందాం. 5120 × 1440 మానిటర్ మీద `Expand` పద్ధతిలో కాన్వాస్ 3840 × 1080 యూనిట్లు. యాంకర్లు తమ పని నమ్మకంగా చేస్తాయి, వేగం చూపే అంకె కుడి మూలకు, చిన్న మ్యాపు ఎడమ మూలకు పోతాయి. అక్కడే కష్టం మొదలవుతుంది. కారు తెర నడుమ ఉంటే, వేగం చూడడానికి ఆటగాడు తల తిప్పాలి. మానిటర్‌కు గంటు ఉండదు కాబట్టి సేఫ్ ఏరియా తెర మొత్తాన్నీ చూపిస్తుంది, అది ఇక్కడ ఏ సాయమూ చేయదు.

ఫోనులో హద్దును ఫోను చెప్పింది. ఇక్కడ హద్దును మనమే గీయాలి. బటన్లు, అంకెలు ఉండే పెట్టెకు గరిష్ఠ వెడల్పు పెట్టి నడుమ నిలబెట్టాలి. ఆ వెడల్పు 2340 యూనిట్లు, అంటే 19.5:9 పాళ్లు అనుకుందాం. 3440 × 1440 మానిటర్ మీద కాన్వాస్ 2580 యూనిట్లు కాబట్టి రెండువైపులా 120 యూనిట్ల చొప్పున మిగులుతుంది. 32:9 మీద 750 చొప్పున మిగులుతుంది. ఆట దృశ్యం మాత్రం చివరి దాకా పరుచుకునే ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో దూరంలో కూర్చుంటారు కాబట్టి ఆ వెడల్పును ఆటగాడే మార్చుకునేలా సెట్టింగుల్లో ఒక స్లైడర్ ఇస్తే ఇంకా మంచిది.

మెనూ వెనుక బొమ్మకు వేరే జాగ్రత్త కావాలి. 16:9లో గీసిన చిత్రాన్ని 32:9 తెర నిండా సాగదీస్తే మనుషుల ముఖాలు రెట్టింపు వెడల్పు అవుతాయి. పాళ్లు చెడకుండా పెంచితే చిత్రం ఎత్తులో సగం తెర బయటకు పోతుంది. రెండో దారే సరైనది, కానీ చిత్రకారుడికి ముందే చెప్పాలి: ముఖ్యమైనదంతా నడిమి సగం ఎత్తులోనే ఉండాలని.

ఎలా పరీక్షించాలి

ఫోన్లన్నీ కొని పరీక్షించడం కుదరదు. అవసరం కూడా లేదు. యూనిటీలోనే తెర పాళ్లు మార్చి చూడవచ్చు. 4:3, 16:9, 20:9, 32:9 ఈ నాలుగూ చూస్తే కొలత, ఆధారం లోపాలు దాదాపు అన్నీ బయటపడతాయి. హద్దు లోపానికి మాత్రం గంట్లున్న ఫోన్ల కొలతలతో వచ్చే డివైస్ సిమ్యులేటర్ కావాలి, అందులో ఫోనును రెండువైపులకూ తిప్పి చూడాలి. ఆ తర్వాత గంటున్న ఒక ఆండ్రాయిడ్ ఫోను, ఒక ఐఫోను చేతిలో పట్టుకొని ఆడాలి. వేలు నిజంగా అందుతోందా లేదా అన్నది చేతికే తెలుస్తుంది.

ఫిర్యాదులు చదివేటప్పుడు కూడా ఈ విభజనే దారి చూపిస్తుంది. అంతా లావై అంచుల్లో తెగితే స్కేలర్‌ను చూడాలి. కొలత బాగానే ఉండి వస్తువు అంచు వదిలి లోపలికి జరిగితే యాంకర్‌ను చూడాలి. మూలన సరిగ్గానే ఉండి కెమెరా కింద గానీ హోం గీత మీద గానీ పడితే సేఫ్ ఏరియాను చూడాలి. ఈ వరుసలోనే సరిచేసుకుంటూ పోవాలి. కొలత కుదరకుండా ఆధారం నిలవదు, ఆధారం లేకుండా హద్దు పెట్టినా బటన్ దాన్ని పట్టించుకోదు.

ఆడేవాళ్లు చేయగల సాయం కూడా ఒకటుంది. బటన్ కెమెరా కింద దాగితే చాలామంది స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. కానీ స్క్రీన్‌షాట్‌లో కెమెరా గంటు పడదు. ఆట గీసిన బొమ్మ మాత్రమే పడుతుంది, అందులో బటన్ పూర్తిగా, శుభ్రంగా కనిపిస్తుంది. చూసిన డెవలపర్ "ఇందులో లోపమేముంది?" అనుకుని పక్కన పెట్టేస్తాడు. కాబట్టి ఇంకో ఫోనుతో ఆ తెరకు ఫొటో తీసి, ఫోను మోడల్ పేరుతోపాటు కెమెరా ఏ చేతివైపు ఉండేలా పట్టుకున్నారో రాసి పంపండి. ఈ లోపాన్ని కనిపెట్టడానికి డెవలపర్‌కు కావాల్సిన వివరాలు అవే.